మమతారాణి కోత చిట్టీ

మమతారాణికి కోపం రాదని అనుకునేటోళ్ళు ఆమెను ఎరుగనోళ్ళు. వస్తది. వచ్చినప్పుడు నోరు మూసుకుంటది, పెన్సిల్ చెక్కుతది. పెన్సిల్ ఎంత పొట్టిగైతే కోపం అంత పెద్దదని లెక్క. ఆమె పెన్సిల్ సగానికి చెక్కింది నేను ఒక్కసారే చూసిన. ఆ కోపానికి కారణం నేనే.

మంచిర్యాలల రైలు పట్టాలకు అవతల రామకిషన్‌రావు సారుది కట్టె కార్ఖాన. మేజాలు, బీరువాలు, తలుపులు చేస్తం. నా పని ఇసుక కాగితం పట్టుడు, పాలిష్ పెట్టుడు. నా పెనిమిటి పేతురు బతికున్నప్పుడు ఈ చుట్టుపక్కల ఆయనంత పనిమంతుడు లేడు. ఆయన పక్కన ముప్పై ఏండ్లు కట్టె పట్టుకొని నిలబడ్డదాన్ని. నాలుగో తరగతితోని బడి బంద్ చేసిన గని, ఉలి ఏ దిక్కు పడితే ఏమైతదో నాకు ఒకలు చెప్పే పని లేదు. అందుకే, మూడేండ్ల కింద సారు ఒక కంప్యూటర్ కొని, దాని ముందట ఐటీఐ చదివిన సన్నటి పోరిని కూసుండవెడితే నాకు మండింది.

"ఈ పిల్ల ఏం చేస్తది సారూ?" అని అడిగిన.

"మేజా చేస్తది రిబ్కమ్మా. ఫస్టు అండ్ల చేస్తది, తర్వాత మీరు కట్టెల చేస్తరు."

"అండ్ల చేసిన మేజా మీద అన్నం తింటరా?"

మమతారాణి నవ్వలే, కోపానికి రాలే. "అండ్ల తప్పైతే దిద్దొచ్చు అమ్మమ్మా, కట్టెల తప్పైతే పొయ్యిల పెట్టాలె" అన్నది. ఆమె నాయిన బొగ్గు బాయిల నౌకరి చేసి దిగిపోయినోడు, తల్లి బడిల పిల్లలకు వండుతది. సర్కారు నౌకరికి రెండుసార్లు పరీక్ష రాసింది, రాలే. రానిదానికి ఏడ్వలేదంట. ఈడికొచ్చి మొదటి నెల కంప్యూటర్ ముందట కూసున్నదానికంటె అంతయ్య పక్కన నిలబడ్డదే ఎక్కువ. ఉలి చూస్తది, అడుగుతది, చేతి మీద రాసుకుంటది.

అంతయ్య మా పెద్ద మేస్త్రి. పేతురు దగ్గరనే పని నేర్చుకున్నడు. నన్ను పెద్దమ్మా అంటడు. నేను ఒక మాట చెపితే రెండో మాట అడుగడు. ఆ అలవాటే మా కొంప ముంచింది.

సంగతి ఎట్లయిందంటే, బోథ్ దిక్కు ఒక ఊర్ల మా మెథడిస్టు సంఘం పాత గుడిని విప్పి కొత్తది కట్టుకున్నరు. సంఘపెద్ద ఎబినేజర్ ఒకనాడు ట్రాలీ ఆటోల ఒక పొడుగు పలక తెచ్చి దించిండు. పాత గుడి దూలం. ఆదిలాబాద్ అడివి టేకు. మిగిలిన దూలాలను చెదలు తిన్నయట, ఇది ఒక్కటే బతికింది. కోత మిషిన్ల పలక తీయించి, రందతోని నున్నగ చేయించి తెచ్చిండు. ఇంచు మందం, నాలుగించుల వెడల్పు, పదమూడడుగుల ఎనిమిదంగుళాల పొడుగు.

"వందనాలు రిబ్కమ్మా. గుడిల రొట్టె, ద్రాక్షరసం పెట్టెటందుకు ప్రభువు బల్ల చేయాలె" అన్నడు. "కాళ్ళు కొత్త టేకుతోని చేసుకోండ్రి, పైపలక ప్లైవుడ్ వెయ్యిండ్రి, మాకు అంత తాకత్ లేదు. గని బల్లను పట్టుకునే నాలుగు పట్టీలు మాత్రం ఈ దూలానివే ఉండాలె. మా తాతలు మోసిన కట్టె. ఇంకోటి లేదు."

మేజా కాళ్ళను ఒకదానికొకటి కట్టేసే అడ్డకట్టెలనే మేము పట్టీలంటం. పైపలక ఎంత అందంగున్నా, మేజా నిలబడేది పట్టీల మీద. పొడుగువి రెండు, పొట్టివి రెండు. పట్టీ కొసను నాలుకలెక్క చెక్కుతం, అది కుసి. కాలుకు బెజ్జం తొలుస్తం. కుసి బెజ్జంల కూసుంటే మొల అవసరం లేదు.

మమతారాణి బొమ్మ గీసింది. నేను ఎనుక నిలబడి చూసిన. కాలు నిలబెట్టింది, పట్టీలు పెట్టింది, కుసులు బెజ్జాలల్ల దూర్చింది. ఏదో మీట నొక్కంగనే కాలు లోపట ఎర్రగైంది.

"గదేంది నెత్తురు?"

"రెండు దిక్కుల కుసులు కాలు నడుమ గుద్దుకుంటున్నయి అమ్మమ్మా. ఒక్క జాగల రెండు కట్టెలు ఉండయి గద."

"పేతురుకు ఎర్రరంగు అక్కరలేకుండనే ఎరుక. కుసి కొసలను మూలకు కోస్తే రెండు ఒకదానికొకటి ఆనుకుంటయి."

"నేను గూడ గట్లనే అనుకున్న" అని రెండు కొసలను నలభై ఐదు డిగ్రీలకు కోసింది. ఎరుపు పోయింది. నేను చెప్పకముందే అనుకున్నదా, చెప్పినంక అనుకున్నదా అన్నది దేవునికే ఎరుక. మెచ్చుకోవాలని అనిపించింది గని, మెచ్చుకోలే.

ఆ బొమ్మ కొలతలు ఎబినేజర్ ఫోన్ల తీసుకపోయి, గుడిల వేదిక మీద బల్ల కాళ్ళు నిలబడే జాగల నాలుగు నల్లరాతి బిళ్ళలు వేయించిండు. నాలుగు మూలలకు నాలుగు. సిమెంటు గూడ ఆరింది. అంటే ఇగ బల్ల జరుగదు, పెరుగదు, తరుగదు.

తర్వాత ప్లైవుడ్ సంగతి. ఒక్క షీటు, ఎనిమిది బై నాలుగు, మీద ఆకంత పల్చటి టేకు పొర అంటించింది. దాన్ల నుంచి పైపలక, ముందటి పలక, రెండు పక్క పలకలు రావాలె. ముక్కలను షీటు మీద పేర్చే పని కంప్యూటర్ చేస్తది. దాన్ని నెస్టింగ్ అంటరట. నేను దర్జీ గుడ్డ మీద సుద్దతోని గీసుకున్నట్టని అనుకున్న. మిషిన్ పేర్చింది చూస్తే సగం చేయి ఎడల్పు షీటు మిగులుతుంది.

అంతయ్య సంబురపడ్డడు. "మస్తు మిగిలింది బిడ్డా! ఇంట్ల దేవుని గూడు చేసుకుంట."

"ఆగు కాకా" అన్నది మమత. "పక్క పలకలను అడ్డం తిప్పి పెట్టింది. ముందటి పలక మీద టేకు గీతలు అడ్డంగ పోతయి, పక్కల పలకల మీద నిలువుగ వస్తయి. బల్ల ముందు ఒక తీరు, పక్కకు ఒక తీరు. కంప్యూటర్‌కు మిగులు ఎరుక, అందం ఎరుక లేదు." తిప్పొద్దని దానికి చెప్పింది. మళ్ళ పేర్చింది. మిగులు తగ్గింది, గీతలన్ని ఒక్క దిక్కున్నయి. రంపం తినే నాలుగు మిల్లీమీటర్లు గూడ ముక్కకు ముక్కకు నడుమ విడిచింది. మా రంపం మిషిన్ ఈ అంచుల మొదలువెడితే ఆ అంచుదాంక పోతది, నడిమిట్ల ఆగి మలుగదు. దానికి తగ్గట్టు ముందు ఏ కోత, తర్వాత ఏ కోత అని నంబర్లు వేసింది. ప్లైవుడ్ ఆ నంబర్ల తోనే కోసిండ్రు. ఒక్క ముక్క తప్పలే.

ఇగ పాత పలక. మమత కోత చిట్టీ అచ్చు తీసి గోడకు అంటించింది. నేను అంకెలు చదువగలుగుత. పొడుగు పట్టీలు రెండు, ఒక్కోటి పదమూడు వందల డెబ్బై మిల్లీమీటర్లు. పొట్టి పట్టీలు రెండు, ఒక్కోటి ఆరు వందల ఇరవై. కోయుడు తెల్లారి అనుకున్నరు. ఆ దినం మమత బాసర పోయింది, అక్క కొడుకుకు అక్షరాలు దిద్దించెటందుకు. "నేను వచ్చేదాంక ఆ పలక ముట్టొద్దు" అని ఎవలకు చెప్పలే. చెప్పే అక్కర ఏమున్నది, చిట్టీ గోడ మీదనే ఉన్నది గద.

పొద్దుగాల అంతయ్య చిట్టీ ముందట నిలబడి నన్ను పిలిచిండు. "పెద్దమ్మా, గీ పొడుగు కుసితోనా, కుసి లేకుండనా?"

ఇప్పుడు ఈ మాట జర నిదానంగ చెప్పాలె. మా పాత పనిల పట్టీ పొడుగు అంటే కాలుకు కాలుకు నడుమ కనబడే పొడుగే. పేతురు "నాలుగడుగుల పట్టీ" అని కేకేస్తే, కింద కూసున్నోడు రెండు దిక్కుల కుసికి తనే కలుపుకొని కోసెటోడు. కలుపుకోనోడు మొట్టికాయ తినెటోడు. మాట మీద నడిచే పని అది. కాగితం లేదు, బొమ్మ లేదు. కుసి లెక్క నోట్ల రాదు, చేతుల ఉంటది.

అందుకే నేను అన్న: "కుసి ఎప్పుడన్న లెక్కల చెపుతార్రా? నలభై, నలభై కలుపు. పోరికి ఆ ఇకమతు ఎరుక లేదు, పాపం."

పాపం అని కూడ అన్న.

అంతయ్య మారు అడుగలే. ఎనభై కలిపిండు. పొడుగుది పద్నాలుగు వందల యాభై కోసిండు. రెండోది కోసిండు. పొట్టిది ఏడు వందలు కోసిండు. నాలుగోదానికి టేపు పెట్టిండు. టేపు ఏడు వందల కాడికి పోలే. ఐదు వందల యాభై ఆరు కాడ కట్టె అయిపోయింది.

మళ్ళొకసారి టేపు పెట్టిండు. టేపు సాగుతదా? నేను ఇసుక కాగితం కింద పడేసి వచ్చిన. గోడ మీది బొమ్మ చూస్తే అప్పుడు కనబడ్డది. కాలుకు కాలుకు నడుమ పన్నెండు వందల తొంభై, ఐదు వందల నలభై అని రాసున్నది. అంటే చిట్టీల ఉన్నది కుసులు కలిపిన పొడుగే. కంప్యూటర్ ఈ కొస నుంచి ఆ కొస దాంక మొత్తం కట్టెను కొలిచి రాసింది. దాని మీద మేము మళ్ళ కలిపినం.

"పెద్దమ్మా, ఇగ నా పని అయిపోయింది" అని అంతయ్య పలక పక్కన కూలవడ్డడు.

"నీ పని కాదురా, నాది" అన్న గని, ఆ మాటతోని కట్టె పెరుగుతదా?

రామకిషన్‌రావు సారు వచ్చిండు. ఆయన అరువడు, అదే భయం. "ఎబినేజర్‌కు ఏం చెప్తరు?" అని అడిగిండు. "ఈ బొమ్మలు వద్దు, కంప్యూటర్ వద్దు, పాత తీరే మంచిగుండె అని అప్పుడే అనిపించింది నాకు. ఈ పని చెడితే మమత ఆ టేబుల్ కాడ బిల్లులు రాసుకోవచ్చు."

తప్పు మాది, శిక్ష ఊర్ల లేనిదానికి. "నేనే చెప్పిన సారూ, పిల్లది తప్పు లేదు" అన్న. ఆయన నా దిక్కు చూసి, "నువ్వు తప్పు ఒప్పుకుంటే బొమ్మలు నడుస్తయా రిబ్కమ్మా, పని చేసెటోళ్ళకు సమజ్ కాని చిట్టీ ఎందుకు?" అని లోపటికి పోయిండు. అది గూడ నిజమే.

మమతారాణి మరునాడు పొద్దున వచ్చింది. చేతిల బాసర ప్రసాదం. నేను గేటు కాడనే నిలబడి మొత్తం చెప్పిన, ఒక్క మాట దాచకుండ. పాపం అన్నది గూడ చెప్పిన. ప్రసాదం నా చేతిల పెట్టి లోపటికి పోయింది. నాలుగు ముక్కలు కొలిచింది. కూసున్నది. పెన్సిల్ చెక్కుడు మొదలువెట్టింది. చెక్కుతుంది, చెక్కుతుంది. సగం పెన్సిల్ నేల మీద చుట్టలు చుట్టలుగ పడ్డది.

అంతయ్య ఆగలేక, "బిడ్డా, రెండు పొట్టి పట్టీలను ఐదు వందల యాభై ఆరుకే కోద్దాం. బల్ల జర సన్నమైతది, పైపలకతోని కప్పుకపోతది" అన్నడు.

"ఎంత సన్నమైతది కాకా?"

అంతయ్య వేళ్ళు లెక్కవెట్టిండు. "అరవై నాలుగు."

"ఒక్కొక్క కాలు ముప్పై రెండు లోపటికి జరుగుతది. అక్కడ రాతి బిళ్ళ నాలుగించులే, కాలు మూడించులు. కాలుల పావు వంతు రాయి బయట పడతది. ఎబినేజరయ్య వేదిక తవ్వుతడా?"

నేను నోరు ఊకె పెట్టుకోలేనిదాన్ని గద. "కొత్త కట్టె ఒక్క పట్టీకి పెట్టి రంగేద్దాం, ఎవలకు ఎరుక?" అన్న.

అప్పుడు పెన్సిల్ ఆగింది. "నాకు ఎరుక" అన్నది. "నీకు ఎరుక. మూడు పాతవి, ఒకటి కొత్తది అయితే ఆయన అడిగింది మనం చెయ్యనట్టే."

లేచి పోయి మిగిలిన ఐదు వందల యాభై ఆరు ముక్కను పట్టుకొని నిలబడ్డది. "కాకా, కాళ్ళ నడుమ కావల్సింది ఎంత?"

"ఐదు వందల నలభై."

"ఇది అంతకంటె పదహారు ఎక్కువనే ఉన్నది. మనకు తక్కువ పడింది పట్టీ కాదు. కుసులే."

"కుసి లేకుండ పట్టీ ఎట్ల నిలబడతదే?" అని నేను.

"కుసి పట్టీకే పుట్టాల్నా అమ్మమ్మా? విడిగ చేసి పెడుతం. కాలుకు బెజ్జం ఉన్నది. పట్టీ కొసకు గూడ బెజ్జం కొడుతం. నడుమ ఒక విడి కుసి, సగం అటు, సగం ఇటు."

అంతయ్య తల గోక్కున్నడు. "విడి కుసికి పాత కట్టె ఏడిది?"

మమత పొడుగు పట్టీల దిక్కు చూపెట్టింది. "పద్నాలుగు వందల యాభై కోసిండ్రు గద. ఎనభై ఎక్కువున్నది. దాన్ని కోసేస్తే రంపం పోను డెబ్బై ఆరు ముక్క వస్తది. మూడు పట్టీలకు మూడు ముక్కలు. మనకు కావల్సినవి రెండే. కట్టె గీతలు గూడ పొడుగుకే ఉన్నయి, కుసికి అట్లనే ఉండాలె. అడ్డం ఉంటే ఇరుగుతది." నా దిక్కు తిరిగి, "నువ్వు కలిపిందే కుసి అయితది" అన్నది. దెప్పిందో, ఓదార్చిందో నాకు ఇప్పటికీ తెల్వదు.

కంప్యూటర్ ముందట కూసొని నాలుగో పట్టీని మళ్ళ గీసింది. పట్టీ కొసకు బెజ్జం, దాన్ల విడి కుసి, కుసి కొస కాలు లోపట మూలకు కోసి. ఎరుపు మీట నొక్కింది. ఎర్రగ రాలే. కాళ్ళ బొమ్మ ఒక్క గీత మారలే, ఎందుకంటే కాలుకు ఏ కుసి వస్తుందో దానికి ఏం పట్టింపు?

బొమ్మ తేలిక, కట్టె కష్టం. పట్టీ మందం ఇరవై ఐదు. దాని కొసల పది మందం బెజ్జం కొడితే రెండు దిక్కుల ఏడున్నర ఏడున్నర గోడలే మిగులుతయి. ఉలి ఒక్కసారి పక్కకు జారితే కట్టె చీలుతది, ఇగ ఇంకో అవకాశం లేదు. అంతయ్య ఉలి కింద పెట్టిండు. "నాతోని కాదు బిడ్డా, నిన్న నా చేతులు చేసిన పని చూడలేదా?"

"నిన్న మీ చేతులు తప్పు చెయ్యలే కాకా. చెప్పిన కొలతకు వెంట్రుక తేడా లేకుండ కోసినయి. నేనే చిట్టీల పొడుగు అని ఒక్క మాట రాసి ఊకున్న. ఎవలి పొడుగో రాయలే."

ఇంతమాట విన్నంక అంతయ్య లేచిండు. నాలుగో పట్టీని ఐదు వందల నలభైకి కోసి, రెండు దిక్కుల చెక్కలు పెట్టి శికంజాల బిగించినం, గోడలు పగులకుండ. ముందు డ్రిల్లుతోని వరుసగ సన్న బెజ్జాలు వేసిండు, తర్వాత ఉలితోని నడిమివి కలుపుకుంట పోయిండు. అంచుల కాడ సుత్తె పట్టలే, అరచేయితోనే ఉలిని నూకిండు. నేను కట్టె పట్టుకున్న. పేతురు పక్కన పట్టుకున్నట్టే పట్టుకున్న, ఊపిరి గూడ తీసుకోలే. మమత పక్కన నిలబడి లోతు కొలిచింది. ముప్పై ఆరు. ఇంకో దిక్కు. ముప్పై ఆరు.

"కాలుల నలభై, ఇండ్ల ముప్పై ఆరు. డెబ్బై ఆరు" అన్నది.

"లెక్క మాకూ వస్తది" అన్న నేను. అప్పుడు నవ్వింది, పొద్దటిసంది మొదటిసారి.

విడి కుసులను రంద పట్టి పది మందానికి తెచ్చినం. మరీ బిగువైతే గోడ పగులుతది, వదులైతే జిగురు కూడ కాపాడదు. చేయితోని నూకితే పోవాలె, తలకిందులు పట్టుకుంటే జారొద్దు. నేను ఇసుక కాగితం రెండుసార్లు పట్టిన, మూడోసారి మమత చేయి పట్టుకొని ఆపింది. జిగురు లేకుండ ముందు మొత్తం బిగించి చూసినం. నాలుగు కాళ్ళు, నాలుగు పట్టీలు. మూల నుంచి మూలకు టేపు పెట్టింది, ఈ మూల ఎంతుందో ఆ మూల అంతే ఉన్నది. అప్పుడు విప్పి, జిగురు పెట్టి, వెదురు చీలలు కొట్టి బిగించినం.

శుక్రవారం ఎబినేజర్ వచ్చిండు. పాలిష్ ఆరింది. ఆయన బల్ల చుట్టు తిరిగి, రెండు కొసలు పట్టుకొని గట్టిగ ఊపిండు. బల్ల కదులలే, ఆయన చెప్పులు జారినయి.

"నాలుగూ పాత దూలానివేనా?"

"నాలుగూ" అన్న నేను. "గని కోసేటప్పుడు నేను తప్పు చెప్పిన అయ్యగారూ. ఒక పట్టీకి కుసులు విడిగ చేసినం. అవి గూడ ఆ దూలానివే."

"ఏ పట్టీకి?"

నేను చూపెట్టలే, నాకు కనబడితె గద. అంతయ్య ఒక దిక్కు చూపెట్టిండు, మమత కాదని ఇంకో దిక్కు చూపెట్టింది. ఎబినేజర్ వంగి రెండు దిక్కులు తడిమి, "ఏదైతేంది, రెండూ ఒక్కతీరే ఉన్నయి" అన్నడు.

రామకిషన్‌రావు సారు దూరం నుంచి చూసి లోపటికి పోయిండు. కంప్యూటర్ అక్కడనే ఉన్నది. మరునాడు ఒక బడికి పది మేజాల పని మమత ముందట పెట్టిండు, అదే ఆయన మాట.

బల్లను ఆటోల ఎక్కించే ముందు మమత దాని కిందికి దూరింది. నేను గూడ వంగి చూసిన. సగం పెన్సిల్‌తోని ఆ పట్టీ లోపటి దిక్కు రాస్తుంది: ఈ పట్టీకి కుసులు విడివి, కొట్టి విప్పొద్దు, చీలలు తీసి గుంజాలె.

"ఎవలు చదువుతరే దాన్ని?" అన్న.

"యాభై ఏండ్లకు ఎవలో బాగుచేయబోతరు అమ్మమ్మా. వాళ్ళకు ఎట్ల తెలుస్తది?"

"నా పేరు గూడ రాయి మరి, ఎవల తెలివితోని ఇట్లయిందో వాళ్ళకు ఎరుక కావాలె."

రాయలే. బయటికొచ్చి, దుమ్ము దులుపుకొని, పది మేజాల కోత చిట్టీ నా ముందట పెట్టింది. పొడుగు అన్న కాడ ఇప్పుడు రెండు గడులున్నయి. ఒకదాని మీద 'కాళ్ళ నడుమ', ఇంకోదాని మీద 'కుసులు కలిపి' అని రాసున్నది. "చదువు అమ్మమ్మా, నీకు సమజైతేనే గోడకు అంటిస్త" అన్నది. రెండు గడులూ పైనుంచి కిందిదాంక చదివిన, వేలు పెట్టి ఒక్కొక్క అంకె.

"మంచిగున్నది, అంటించు" అన్న.